ఇంటి మాట నుంచి ఇంగ్లీషు మాటకు: ద్విభాషా పదకార్డులు, తరగతి గది లేబుళ్ళు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- ఇంటి మాట, పాఠ్యపుస్తకంలోని తెలుగు మాట, ఇంగ్లీషు మాట - ఈ మూడింటి మధ్య ఉన్న దూరాన్ని గుర్తించగలుగుతారు.
- రెండు భాషల్లో అర్థం సరిగా సరిపడని మాటలకు కార్డు ఎలా తయారుచెయ్యాలో వివరించగలుగుతారు.
- ఆరు మాటల కట్టను ఒక వారంపాటు తరగతిలో ఎలా నడపాలో చెప్పగలుగుతారు.
- గోడమీది లేబుల్ పనిచేస్తున్నదా, లేదా అన్నది పరీక్షించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చుతూ ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వాదప్రతివాదాలు ఈ పాఠం పరిధిలోకి రావు. అయితే ఆ కాలంలోనే ఒక మార్పు వచ్చింది. 2020-21 విద్యా సంవత్సరం నుంచి ఒకే పాఠం ఎదురెదురు పేజీలలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి.

రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నప్పుడు ఇక పదకార్డులు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. పుస్తకంలోని తెలుగు పేజీ చదివే పిల్లవాడికి ఆ తెలుగు కూడా కొంతవరకు కొత్తదే. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన పిల్లవాడికి మట్ట, డొక్క, పీచు, చిప్ప, ఈనె అన్నీ తెలుసు. పత్రం, కాండం, ఫలం అనే మాటలు మాత్రం బడికి వచ్చాకే వింటాడు. అంటే అతను దాటవలసిన కాలువలు రెండు. మొదటి వంతెన వెయ్యకుండా రెండో వంతెన వేస్తే పిల్లవాడు మధ్యలో నిలిచిపోతాడు.

ఈ పాఠంలో మూడో తరగతి పరిసరాల విజ్ఞానంలో వచ్చే ‘మొక్క భాగాలు’ అనే అంశాన్ని తీసుకొని, ఒక కార్డుల కట్టను మొదటినుంచి చివరిదాకా తయారుచేద్దాం. కొత్తపేట దగ్గర ఇరవైమంది పిల్లలున్న ఒక తరగతిని ఊహించుకోండి. ఇక్కడ ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. కార్డుమీద మాత్రం వాటిని ఇంగ్లీషు లిపిలోనే రాయాలి.

2. మూడు మెట్లు

ముందుగా మీరు కార్డులు కత్తిరించకండి. పిల్లలను బడి ఆవరణలోకో పక్కనున్న తోటలోకో తీసుకువెళ్ళి, చెట్టు భాగాలను చూపిస్తూ “దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?” అని అడగండి. వాళ్ళు చెప్పిన మాటలను అలాగే రాసుకోండి, దిద్దకండి. ఇలా అడిగితే వచ్చే పట్టిక సుమారుగా ఇలా ఉంటుంది.

- ఇంటి మాట: వేరు. పుస్తకంలో: వేరు. ఇంగ్లీషులో: రూట్.
- ఇంటి మాట: మాను, కాడ. పుస్తకంలో: కాండం. ఇంగ్లీషులో: స్టెమ్.
- ఇంటి మాట: ఆకు, మట్ట. పుస్తకంలో: పత్రం. ఇంగ్లీషులో: లీఫ్.
- ఇంటి మాట: పువ్వు. పుస్తకంలో: పుష్పం. ఇంగ్లీషులో: ఫ్లవర్.
- ఇంటి మాట: కాయ, పండు. పుస్తకంలో: ఫలం. ఇంగ్లీషులో: ఫ్రూట్.
- ఇంటి మాట: గింజ, టెంక. పుస్తకంలో: విత్తనం. ఇంగ్లీషులో: సీడ్.

ఈ ఆరు వరసలూ ఒకే రకం కావు. ‘వేరు’ దగ్గర ఇబ్బంది లేదు. ఇంట్లోనూ పుస్తకంలోనూ అదే మాట. దానికి ఒక ఇంగ్లీషు పేరు చేర్చితే చాలు. ‘పువ్వు’ కూడా దాదాపు అంతే. ‘కాండం’ దగ్గర మాత్రం పిల్లవాడికి వస్తువు తెలుసు, పుస్తకం పెట్టిన పేరు తెలియదు. కార్డుమీద ఒకవైపు ‘స్టెమ్’ అని, రెండోవైపు ‘కాండం’ అని మాత్రమే రాస్తే, తెలియని మాటకు తెలియని మాటను అర్థంగా ఇచ్చినట్లవుతుంది. పిల్లవాడు రెండింటినీ బట్టీపట్టి అప్పజెప్పగలడు. “మన తోటలో స్టెమ్ చూపించు” అంటే మాత్రం దిక్కులు చూస్తాడు. అందువల్ల కార్డు తెలుగువైపున మొదట ఇంటి మాట, దాని కింద పుస్తక మాట - రెండూ ఉండాలి.

కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఒక భేదాన్ని సూచించారు. రోజువారీ మాటామంతీకి కావలసిన భాష వేరు, చదువుకు కావలసిన భాష వేరు అన్నారు. మొదటిది త్వరగా వస్తుంది, రెండోదానికి ఏళ్ళు పడుతుంది. ఒక భాషలో గట్టిపడిన భావన రెండో భాషలోకి కూడా అందివస్తుందని కూడా ఆయన చెప్పారు. మన పట్టికకు ఈ మాట ఎలా వర్తిస్తుందో చూడండి. కాండం నీటిని పైకి తీసుకువెళ్తుందని తెలుగులో అర్థం చేసుకున్న పిల్లవాడికి ‘స్టెమ్’ అన్నది ఒక కొత్త పేరు మాత్రమే. ఆ సంగతి తెలియనివాడికి అది పేరూ కొత్తే, విషయమూ కొత్తే.

3. సరిపడని మాటలు

కార్డుమీద ఒకవైపు ఒక మాట, రెండోవైపు ఒక మాట రాసినప్పుడు, రెండూ సమానమని పిల్లవాడు నమ్ముతాడు. రెండు భాషలు ప్రపంచాన్ని ఒకేలా విడదీసుకోవు. కాబట్టి ఆ సమానత్వం చాలాచోట్ల తప్పుతుంది. మన ఆరు మాటల కట్టలోనే మూడు చిక్కులున్నాయి.

3.1 మొక్క, చెట్టు

ఇంగ్లీషు పాఠంలో కొబ్బరి ఒక ‘ప్లాంట్’ అని ఉంటుంది. ప్లాంట్ అంటే మొక్క అని మీరు కార్డు రాశారనుకోండి. కొబ్బరి చెట్టును చూపించి “ఇది మొక్క” అనగానే ఒక పిల్లవాడు లేచి, “ఆయ్, అది మొక్క కాదండి, చెట్టండి” అంటాడు. అతను చెప్పినది సరైనదే. మన వాడుకలో ‘కొబ్బరి మొక్క’ అంటే నాటడానికి తెచ్చే చిన్నది, పెరిగి పెద్దదైతే చెట్టు. ఇంగ్లీషు సైన్సు పాఠంలో ‘ప్లాంట్’ అనే మాట గడ్డి నుంచి మర్రిచెట్టు దాకా అన్నింటినీ కలుపుకుంటుంది. కాబట్టి కార్డు వెనక ‘మొక్క’ అని ఒక్క మాట చాలదు. ‘మొక్కలు, చెట్లు, తీగలు - అన్నీ’ అని రాసి, కొబ్బరి చెట్టు, వంగ మొక్క, దొండ తీగ బొమ్మలు మూడూ వెయ్యండి.

3.2 కాయ, పండు

తెలుగు పిల్లవాడికి పచ్చిగా ఉంటే కాయ, మగ్గితే పండు. వంకాయ ఎన్నటికీ పండు కాదు, కూరకు వాడేది. కొబ్బరికాయ కూడా పండు కాదు. సైన్సు పాఠంలో మాత్రం వంకాయ, కొబ్బరికాయ, మామిడికాయ, మామిడిపండు అన్నీ ‘ఫ్రూట్’ కిందికి వస్తాయి. పువ్వు నుంచి ఏర్పడి లోపల గింజ ఉండేదంతా ఫ్రూటే. ఈ కార్డు వెనక ‘పండు’ అని మాత్రమే రాస్తే, తరవాత పరీక్షలో “బ్రింజాల్ ఫ్రూట్ అవుతుందా?” అన్న ప్రశ్నకు పిల్లవాడు కాదనే రాస్తాడు. ఆ తప్పు కార్డు నేర్పినదే. ‘కాయ లేదా పండు’ అని రాసి, పక్కన కోసిన వంకాయ బొమ్మ వేస్తే, లోపలి గింజలు చూసి విషయం దానంతట అదే తెలుస్తుంది.

3.3 ఆకు, మట్ట

కొబ్బరి చెట్టు దగ్గర పిల్లలు పొడుగాటి సన్నని రెబ్బ ఒక్కొక్కదాన్నీ ఆకు అంటారు, మొత్తాన్ని మట్ట అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం మట్ట మొత్తం కలిపి ఒక ఆకు. రెబ్బలు దానిలోని భాగాలు. అందుకే ‘లీఫ్’ కార్డుకు మొదటి బొమ్మగా కొబ్బరి ఆకు కాకుండా మందార ఆకో వంగ ఆకో వెయ్యడం మేలు. మట్ట సంగతి తరవాత మాటల్లో చెప్పవచ్చు. ఇలాంటి జాగ్రత్తే ‘స్టెమ్’ విషయంలోనూ కావాలి. రావులపాలెం చుట్టుపక్కల ఎటు చూసినా అరటే కనిపిస్తుంది కనుక, అరటి బోదెను స్టెమ్ అని చూపించాలనిపిస్తుంది. నిజానికి బోదె అంటే ఆకుల అడుగుభాగాలు ఒకదానిమీద ఒకటి చుట్టుకొని ఏర్పడినది. అసలు కాండం నేలలో ఉంటుంది. స్టెమ్ కు కొబ్బరి మాను, మందార కొమ్మ సరైన ఉదాహరణలు.

ఒక్క మాటకు అనేక మాటలు వచ్చే సందర్భాలు రెండు వైపులా ఉంటాయి. ఇంగ్లీషులో ‘కోకోనట్’ అన్న ఒక్క మాట ఉన్నచోట కోనసీమలో బోండాం వేరు, కాయ వేరు, కురిడీ వేరు. ఇంగ్లీషులో ‘రైస్’ ఉన్నచోట మనకు బియ్యం, అన్నం రెండూ ఉన్నాయి. ధాన్యానికి వాళ్ళు ‘పాడీ’ అంటారు. అటువైపు చూస్తే, మనం ‘చెయ్యి’ అన్నచోట వాళ్ళకు హ్యాండ్, ఆర్మ్ రెండున్నాయి. మనం వాడుకలో ‘పచ్చ’ అని ఆకుకూ పసుపుకూ కూడా అంటాం. వాళ్ళకు గ్రీన్, ఎల్లో వేరువేరు. ఇలాంటి మాటలకు మీరు ఒక నియమం పెట్టుకోండి: ఏ భాషలో ఎక్కువ మాటలుంటే, కార్డుమీద ఆ వైపు అన్ని బొమ్మలు ఉండాలి.

4. కార్డు తయారీ

ఎ4 కాగితాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తే, ఒక్కొక్కటి సుమారు 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. పిల్లవాడి చేతికి ఈ కొలత సరిపోతుంది. ఇరవైమంది పిల్లలను నలుగురేసి చొప్పున అయిదు జట్లు చేసి, జట్టుకు ఆరు కార్డులు ఇస్తే మొత్తం ముప్ఫై కావాలి. ఎనిమిది కాగితాలు చాలు, రెండు కార్డులు మిగులుతాయి. పల్చని కాగితమైతే పాత శుభలేఖల అట్టమీద అంటించండి. కోనసీమలో వానాకాలం గోడలు, బీరువాలు చెమ్మగిల్లుతాయి. స్కెచ్ పెన్నుతో రాసినది ఆ తేమకు పాకిపోతుంది. బాల్ పెన్నుతోనో మైనపు రంగుతోనో రాసి, పైన వెడల్పాటి సెల్లో టేపు వెయ్యండి.

ఇక ఏ వైపు ఏమి రాయాలన్నది ముఖ్యం. రెండు భాషలనూ ఒకే వైపు రాయడం సాధారణంగా జరిగే పొరపాటు. తెలిసిన లిపి, తెలియని లిపి పక్కపక్కన ఉంటే కన్ను తెలిసినదాని మీదికే పోతుంది. పిల్లవాడు తెలుగు చదివి, బొమ్మ చూసి, ఇంగ్లీషును వదిలేస్తాడు. కాబట్టి ఒకవైపు బొమ్మ, దాని కింద ఇంగ్లీషు మాట ఉండాలి. రెండోవైపు పైన ఇంటి మాట, కింద పుస్తక మాట, ఆ కింద ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం ఉండాలి. ‘స్టెమ్’ కార్డుకు ఆ వాక్యం “ద స్టెమ్ క్యారీస్ వాటర్” అని ఉండవచ్చు. మాట ఒంటరిగా ఉంటే పిల్లవాడు పేరు మాత్రమే నేర్చుకుంటాడు. వాక్యంతో ఉంటే దాన్ని వాడడం కూడా నేర్చుకుంటాడు. బొమ్మలను పిల్లలచేతనే వేయించండి. వేసేటప్పుడు ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్ళు గమనించక తప్పదు.

ఇంగ్లీషు ఉచ్చారణను తెలుగు లిపిలో కార్డుమీద రాయాలా అని చాలామంది ఉపాధ్యాయులు అడుగుతారు. పిల్లల కార్డుమీద రాయవద్దు. రాస్తే ఇంగ్లీషు అక్షరాలను చదవవలసిన అవసరమే పిల్లవాడికి ఉండదు. మరో కారణం కూడా ఉంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండడం మనకు సహజం. అందువల్ల లీఫ్ ‘లీఫు’, రూట్ ‘రూటు’ అవుతాయి. తెలుగు లిపిలో ఉంటే ఈ అలవాటు మరింత గట్టిపడుతుంది. ఉచ్చారణ మీ నోటినుంచి రావాలి. మీకు సందేహమున్న మాటలను మీ పాఠ్యప్రణాళిక పుస్తకంలో తెలుగు లిపిలో రాసుకోవడంలో తప్పులేదు.

5. వారం పొడుగునా

కార్డులను చూపించి చదివించడం కంటే, పిల్లలచేత గుర్తుతెప్పించడం వల్ల మాట నిలుస్తుంది. దీనికి జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతిని సులువుగా మార్చుకోవచ్చు. ప్రతి జట్టుకు మూడు కవర్లు ఇవ్వండి. ఒకటో కవరులోని కార్డులను రోజూ, రెండోదానిలోవి రోజు మార్చి రోజు, మూడోదానిలోవి శనివారం అడగాలి. సరిగా చెబితే కార్డు పై కవరులోకి వెళ్తుంది. తప్పితే ఒకటో కవరులోకి తిరిగివస్తుంది. అడిగేవాడు ఇంగ్లీషు మాటను బొటనవేలితో మూసి బొమ్మను మాత్రమే చూపించాలి.

ఒక జట్టు వారం ఎలా నడుస్తుందో చూద్దాం. సోమవారం ఆరు మాటలూ నేర్పారు, అన్నీ ఒకటో కవరులో ఉన్నాయి. మంగళవారం రూట్, లీఫ్, ఫ్లవర్, సీడ్ సరిగా వచ్చి రెండో కవరులోకి వెళ్ళాయి. స్టెమ్, ఫ్రూట్ మిగిలాయి. బుధవారం ఆ రెండే అడిగారు. ఫ్రూట్ పైకి వెళ్ళింది, స్టెమ్ ఆగింది. గురువారం స్టెమ్ కూడా వచ్చి రెండో కవరు చేరింది. అదే రోజు రెండో కవరులో అంతకుముందున్న అయిదూ అడిగితే నాలుగు మూడో కవరుకు వెళ్ళాయి, సీడ్ తప్పి కిందికి వచ్చింది. శుక్రవారం సీడ్ ఒక్కటే అడిగారు, వచ్చింది, రెండో కవరులోకి వెళ్ళింది. శనివారం రెండో కవరులోని స్టెమ్, సీడ్, మూడో కవరులోని నాలుగు కార్డులు అడుగుతారు.

ఈ నడకలో మీకు దొరికే సమాచారం విలువైనది. ఏ మాట మళ్ళీ మళ్ళీ ఒకటో కవరుకు వస్తున్నదో చూస్తే, చిక్కు ఎక్కడున్నదో తెలుస్తుంది. అన్ని జట్లలోనూ స్టెమ్ ఆగిపోతే పిల్లల జ్ఞాపకశక్తిని అనుమానించనక్కరలేదు. కాండం అన్న భావన ఇంకా కుదరలేదని గ్రహించి, తోటలోకి మరోసారి వెళ్ళండి. వారానికి ఆరు నుంచి ఎనిమిది కొత్త మాటలు దాటవద్దు. అంతకుమించితే ఒకటో కవరు ఉబ్బిపోయి, పిల్లలకు రోజూ తప్పులే మిగులుతాయి.

6. తరగతి గది లేబుళ్ళు

కార్డు చేతిలో తిరుగుతుంది, లేబుల్ ఒకచోట ఉంటుంది. దాని బలహీనత కూడా అదే. తలుపుమీద ‘డోర్’ అని అంటిస్తే మొదటి రెండు రోజులు పిల్లలు చదువుతారు, తరవాత అది గోడలో కలిసిపోతుంది. పైగా డోర్, ఫ్యాన్, బోర్డు, బెంచీ వంటి మాటలు ఇంగ్లీషు చదవకుండానే మన పిల్లల నోట్లో ఉన్నాయి. వాటికి లేబుల్ పెట్టినందువల్ల కొత్త మాట రాదు, తెలిసిన మాట అక్షరాలలో ఎలా ఉంటుందో మాత్రం తెలుస్తుంది. ఒకటో తరగతికి అది ఉపయోగమే. మూడో తరగతికి పని చెప్పే లేబుళ్ళు కావాలి.

తలుపు దగ్గర “ప్లీజ్ క్లోజ్ ద డోర్”, చెత్తబుట్ట దగ్గర “పుట్ పేపర్ హియర్”, నీళ్ళ కుండ దగ్గర “టేక్ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్” అని రాయండి. పిల్లవాడు రోజూ చేసే పనితో వాక్యం ముడిపడుతుంది. లేబుల్‌ను మూడో తరగతి పిల్లవాడి కంటికి ఎదురుగా, సుమారు నేలనుంచి ఒక మీటరు పైన అంటించండి. వెనక బెంచీలోంచి చదవవలసినవైతే, రాసిన తరవాత మీరే వెనక కూర్చుని చదివి చూడండి.

తెలుగు ఎక్కడ ఉండాలి? లేబుల్ పైభాగాన తలుపులా తెరుచుకునే ఒక కాగితం ముక్కను అతికించి, దాని లోపల తెలుగు వాక్యం రాయండి. మొదటి వారం దాన్ని తెరిచి ఉంచండి, రెండు భాషలూ కనిపిస్తాయి. రెండో వారం నుంచి మూసి ఉంచండి. అవసరమైన పిల్లవాడు తెరిచి చూసుకుంటాడు, అవసరం లేనివాడు చూడడు. ఎవరు తెరుస్తున్నారో దూరంనుంచి గమనిస్తే చాలు, మీకు వేరే పరీక్ష అక్కరలేదు. నాలుగో వారానికి లేబుల్ తీసి కొత్తది పెట్టండి. ఒకేసారి గదిలో పదికి మించి లేబుళ్ళు ఉండకూడదు.

7. పొరపాట్లను పసిగట్టడం

పిల్లలు గడగడా చెబుతున్నంతమాత్రాన మాట వచ్చినట్లు కాదు. మూడు చిన్న పరీక్షలతో అసలు సంగతి బయటపడుతుంది.

మొదటిది, చోటు మార్చడం. ఒక ఉదయం పిల్లలు రాకముందే నాలుగు లేబుళ్ళను తారుమారు చెయ్యండి. నవ్వుతూ వచ్చి “టీచరుగారండీ, చెత్తబుట్ట దగ్గర మంచినీళ్ళని ఉందండి” అని చెప్పేవాళ్ళు చదువుతున్నారు. గమనించనివాళ్ళు ఇన్నాళ్ళూ చోటునుబట్టి ఊహిస్తున్నారు.

రెండోది, వస్తువు మార్చడం. కార్డుమీది మందార ఆకును చూసి లీఫ్ అన్న పిల్లవాడికి తమలపాకు, చింతాకు, వేపాకు ఇవ్వండి. అక్కడ తడబడితే, అతను నేర్చుకున్నది ఆ బొమ్మ పేరే అన్నమాట.

మూడోది, భాష మార్చడం. “స్టెమ్ ఏంచేస్తుందో తెలుగులో చెప్పమ్మా” అని అడగండి. ఇంటి మాటల్లో చెప్పినా సరే, “మాను నీళ్ళను పైకి పంపుద్దండి” అంటే భావన ఉంది. ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పి, తెలుగులో ఏమీ చెప్పలేకపోతే, ఆ వాక్యం చెవికి అంటిన శబ్దం మాత్రమే. అలాంటి పిల్లవాడికి కొత్త కార్డు ఇవ్వవద్దు. పాత కార్డు పట్టుకొని చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఈ పద్ధతికి ఉన్న హద్దును కూడా గుర్తుంచుకోవాలి. కార్డులు పేర్లకూ పనులకూ బాగా ఉపయోగపడతాయి. ‘బికాజ్’, ‘ఇఫ్’, ‘ఈచ్’ వంటి మాటలకు బొమ్మ వెయ్యలేం. వాటిని కార్డుమీద పెడితే తెలుగు అర్థం బట్టీకి వస్తుంది, వాడుక రాదు. అవి వాక్యాలలో, మీ మాటలలో వింటూ నేర్చుకోవలసినవి.

8. సారాంశం

పిల్లవాడి ఇంటి మాట, పుస్తకంలోని తెలుగు మాట ఎప్పుడూ ఒకటి కాదు. కార్డు రెండింటినీ చూపించి, ఆపైన ఇంగ్లీషు మాటను చేర్చాలి. మొక్క, పండు, ఆకు వంటి మాటల పరిధి రెండు భాషల్లో వేరు కాబట్టి అర్థాన్ని ఒక్క మాటలో కాక బొమ్మలతో చెప్పాలి. బొమ్మ, ఇంగ్లీషు ఒకవైపు, తెలుగు రెండోవైపు ఉండాలి. మూడు కవర్ల పద్ధతి ఏ మాట దగ్గర చిక్కున్నదో మీకు చూపిస్తుంది. లేబుళ్ళు పేర్లు చెప్పడం కన్నా పనులు చెప్పడం మేలు. చోటు, వస్తువు, భాష మార్చి చూస్తే మాట నిజంగా వచ్చిందో లేదో తెలుస్తుంది.

9. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మీ తరగతి పిల్లలను అడిగి, ఇల్లు లేదా వంట పనికి సంబంధించిన ఆరు ఇంటి మాటలు సేకరించండి. వాటి పుస్తక మాటలు, ఇంగ్లీషు మాటలు రాసి, వాటిలో అర్థం సరిగా సరిపడనివి ఏవో గుర్తించండి.
2. ‘రైస్’ అనే మాటకు కార్డు తయారుచెయ్యండి. రెండు వైపులా ఏమేమి వేశారో కారణాలతో వివరించండి.
3. ఒక పిల్లవాడు వారమంతా ‘ఫ్రూట్’ కార్డు సరిగా చెప్పి, బెండకాయను చూపితే “ఫ్రూట్ కాదు” అన్నాడు. తప్పు ఎక్కడ ఉంది? మీరు ఏం చేస్తారు?